ముఖం తెల్లబడితే మెప్పా, చిన్నతనమా: అరబ్బీ నుడికారాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఏ దారి ఎంచుకోవాలి

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ‘బయ్యదల్లా వజ్హక్’ అనే మాట బాగా తెలుసు. చెప్పిన పని చక్కగా చేసి పెడితే అక్కడి పెద్దవాళ్లు మనస్ఫూర్తిగా అనే మాట అది. ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే ‘దేవుడు నీ ముఖం తెల్లగా చేయుగాక’ అవుతుంది. తెలుగు చెవికి ఇది దీవెనలా వినపడదు. మనకు ముఖం తెల్లబడటమంటే జవాబు తెలియక నిలబడిపోవడం, తెల్లముఖం వెయ్యడం. అక్కడి మెప్పు ఇక్కడికొచ్చేసరికి వెక్కిరింతయి కూర్చుంటుంది.

అరబ్బీ నుంచి కథో, సినిమా సబ్‌టైటిలో, కుటుంబంలో ఎవరికో వచ్చిన మెసేజో తెలుగు చేసేవాళ్లకు అడుగడుగునా ఈ చిక్కే. ఎదురుగా మూడు దారులుంటాయి. అరబ్బీ బొమ్మను అలాగే ఉంచి మాటకు మాట చెప్పడం ఒకటి. దానికి సరిపోయే తెలుగు నుడికారం పెట్టడం రెండోది. నుడికారం ఊసెత్తకుండా సూటిగా అర్థం చెప్పేయడం మూడోది. ఏదో ఒకటే గొప్పదని పట్టుకుంటే పని చెడుతుంది. నా మటుకు నేను ప్రతి మాట దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఆ అవయవానికి, ఆ జంతువుకు తెలుగులో ముందే వేరే పని అప్పజెప్పి ఉందా? ఈ బొమ్మతో రాసినవాడికి ముందు ముందు అవసరం ఉందా? మొదటిదానికి ఔనని జవాబొస్తే మాటకు మాట దారి మూసుకున్నట్టే. రెండోదానికి ఔనంటే తెలుగు నుడికారం దారి మూసుకున్నట్టే. రెండింటికీ ఔనన్నప్పుడే అసలు పని మొదలవుతుంది.

ముఖం: రంగు చూసి మోసపోవద్దు

ముందుగా ముఖం సంగతే పూర్తిగా చూద్దాం. మిగతా అవయవాలకూ ఇదే తీరు పనికొస్తుంది.

అరబ్బీలో తెల్లని ముఖమంటే పరువు, నల్లని ముఖమంటే అప్రదిష్ట. కొడుకు పరీక్షలో నెగ్గితే తండ్రి ‘బయ్యద వజ్హీ’ అంటాడు, నా ముఖం తెల్లగా చేశాడని. పదిమందిలో తప్పుడు పని చేస్తే ‘సవ్వద వజ్హీ’, నా ముఖానికి నలుపు తెచ్చాడని. తెలుగులో ఇదే సంగతి చెప్పాలంటే రంగు అక్కర్లేదు, తల చాలు. ‘నన్ను తలెత్తుకునేలా చేశాడు’, ‘తలవంపులు తెచ్చాడు’. ఇంతకన్నా బాగా కుదిరే జంట దొరకదు. మామూలు కథలో, సంభాషణలో కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకోవచ్చు.

‘బయ్యదల్లా వజ్హక్’ మాత్రం దీవెన కాబట్టి దీవెనగానే రావాలి. ‘నువ్వు నన్ను తలెత్తుకునేలా చేశావు’ అంటే అర్థం వచ్చింది గానీ దీవెన పోయింది. పెద్దాయన కుర్రాడితో అంటున్నట్టయితే ‘చల్లగా ఉండు నాయనా, మాట నిలబెట్టావు’ అంటే రెండూ దక్కుతాయి. ఒక ఈడువాళ్లు అనుకునేదైతే ‘నీ మేలు మర్చిపోలేను’ చాలు. దేవుడి పేరు ఉండి తీరాలంటే ‘దేవుడు నీకు మంచి పేరివ్వాలి’ అనొచ్చు. ఎవరు ఎవరితో అన్నారన్నది తెలియకుండా ఈ మూడింట్లో ఒకటి తేల్చలేం.

ఇక ఖురాన్‌లో మూడో సూరా 106వ వాక్యంలో, కొన్ని ముఖాలు తెల్లబడే రోజు, కొన్ని ముఖాలు నల్లబడే రోజు అని వస్తుంది. అక్కడ ‘తలెత్తుకునే రోజు’ అంటే కుదరదు. తీర్పు దినాన ముఖాలు నిజంగానే రంగు మారే దృశ్యం అది, కేవలం నుడికారం కాదు. ఆ వెంటనే ముఖాలు నల్లబడినవారిని పలకరించే మాట కూడా వస్తుంది. కాబట్టి రంగు ఉండాల్సిందే. అయితే ‘తెల్లబడే’ అనకుండా ‘వెలిగిపోయే’ అంటే తెలుగులో ఉన్న చిన్నతనం అంటుకోదు. ‘కొన్ని ముఖాలు వెలిగిపోయే, కొన్ని ముఖాలు నల్లబడే రోజు.’ బొమ్మ నిలిచింది, పొరపాటు అర్థం రాలేదు.

నల్లని ముఖం ఎప్పుడూ అప్రదిష్టే అనుకుంటే మరో చోట దెబ్బతింటాం. పదహారో సూరా 58వ వాక్యంలో, ఆడపిల్ల పుట్టిందన్న కబురు వినగానే ఆ కాలపు మనిషి ముఖం నల్లబడిపోతుంది, లోలోపల కుమిలిపోతాడు అని ఉంటుంది. ఇక్కడ ‘తలవంపులు’ కన్నా మన ‘ముఖం మాడిపోయింది’ దగ్గరగా ఉంటుంది. కబురు వినగానే కళ్లముందు కనపడే మార్పు అది. తర్వాతి వాక్యంలో అతను జనానికి ముఖం చాటేసి తిరుగుతాడు. సిగ్గు సంగతి అక్కడ విడిగా వస్తుంది. ముందే ‘తలవంపులు’ వాడేస్తే అక్కడ చెప్పడానికి ఏమీ మిగలదు.

ముఖానికే ఇంకో మాట ఉంది, ‘మా అల్ వజ్హ్’, ముఖంలోని నీరు. పరువు, ఆత్మాభిమానం అని అర్థం. చెయ్యి చాచి అడుక్కున్నవాడు ఆ నీటిని ఒలకబోసుకున్నాడంటారు. రాజీ కుదిర్చేటప్పుడు అవతలివాడికి ఆ నీరు మిగల్చాలంటారు. వార్తల్లో ఇది చాలా మామూలు మాట. అక్కడ సూటిగా ‘పరువు దక్కించుకున్నాడు’ అంటే సరిపోతుంది. కథలో పేదరికం గురించి చెప్తున్నప్పుడు మాత్రం ‘ఎవరినీ అడగడానికి ముఖం చెల్లలేదు’ అన్న మన మాట ఆ నీటికి బాగా దగ్గరవుతుంది.

కాలేయం చేసే పని తెలుగులో పేగుది

అరబ్బీ తల్లి బిడ్డను ‘ఫిల్దత్ కబిదీ’ అంటుంది, నా కాలేయపు ముక్క అని. కాలేయమన్న మాట వినగానే తెలుగువాళ్లకు డాక్టరు రిపోర్టు గుర్తొస్తుంది. కార్జం అంటే మాంసం కొట్టు. రెండూ తల్లి నోట ఇమడవు. తెలుగులో కన్నప్రేమకు ఇల్లు కడుపు, తాడు పేగు. ‘పేగు తెంచుకు పుట్టిన బిడ్డ’, ‘కడుపు తీపి’, ‘పేగు బంధం’. ఇక్కడ అవయవం మార్చడంలో ఏ సంకోచమూ అక్కర్లేదు. రెండు భాషలూ బిడ్డను తల్లి ఒంట్లోని ముక్కగానే చూస్తున్నాయి. ఏ ముక్క అన్నదొక్కటే తేడా.

హైదరాబాద్‌లో దక్కనీ విని పెరిగినవాళ్లకు ‘జిగర్ కా టుక్డా’ తెలుసు. ఉర్దూలో అదే కాలేయం, అదే ముక్క. పాఠకులు ప్రధానంగా వాళ్లే అయితే, కథ పాతబస్తీలోనో బార్కస్‌లోనో జరుగుతుంటే, ‘నా జిగర్ ముక్క’ అన్నా చెల్లుతుంది. కోనసీమ పాఠకుడికి అది పరాయిగా అనిపిస్తుంది. ఒకే మాటకు పాఠకుణ్ని బట్టి రెండు జవాబులు రావడం ఈ పనిలో మామూలే.

కవిత్వంలో మాత్రం పేగు చేతులెత్తేస్తుంది. ‘హమాసా’ అనే పాత సంకలనంలో హిత్తాన్ ఇబ్న్ అల్ ముఅల్లా పద్యం ఒకటుంది. మా మధ్య తిరిగే మా పిల్లలు నేల మీద నడిచే మా కాలేయాలే, వాళ్లలో ఒకరి మీదికి గాలి వీచినా నా కంటికి కునుకు రాదు అని. ఇక్కడ కాలేయాలు నడుస్తున్నాయి. ‘నేల మీద నడిచే పేగులు’ అంటే ఒళ్లు జలదరిస్తుంది. ‘గుండెకాయలు’ కొంచెం నయం, అయినా అవీ నడవవు. ‘ప్రాణాలు’ అయితే నడుస్తాయి. తెలుగు తల్లి ‘నా ప్రాణాలన్నీ వాడి మీదే’ అంటుంది, బిడ్డ బయటికెళ్తే ప్రాణం వాడి వెంటే పోతుంది. ‘మా మధ్య తిరిగే మా పిల్లలు, నేల మీద నడిచే మా ప్రాణాలు.’ అవయవం పోయింది, కానీ ఒంట్లో ఉండాల్సింది బయట తిరుగుతోందన్న భయం మిగిలింది. ఆ పద్యానికి ఊపిరి ఆ భయమే.

కడుపు గురించే ఇంకో సంగతి. ఎండలు మండే చోట చల్లదనమే సుఖం కాబట్టి రెండు భాషల్లోనూ సంతోషం చల్లగా ఉంటుంది. చల్లబడే చోటే వేరు. అరబ్బీలో కన్ను చల్లబడుతుంది, ‘కుర్రత్ ఐన్’. ఛాతీ మంచులా చల్లబడుతుంది, ‘అస్లజ సద్రహూ’. మనకు చల్లగా ఉండాల్సింది కడుపు. ‘నీ కడుపు చల్లగుండ’ అని దీవిస్తాం. ‘నీ కళ్లు చల్లబడ్డాయా?’ అని మాత్రం, నా కష్టం చూసి సంతోషించావా అని దెప్పిపొడవడానికి అంటాం. ‘ఒళ్లు చల్లబడింది’ అంటే ఇక ప్రాణం లేదని. ఖురాన్ 28వ సూరాలో నీళ్లలో వదిలిన బిడ్డ మూసాను, తల్లి కన్ను చల్లబడాలని, ఆమె దిగులు పోవాలని తిరిగి ఆమెకే చేర్చినట్టు ఉంటుంది. ‘తల్లి కడుపు చల్లబడాలని’ అంటే ఆ మమకారం తిన్నగా తెలుగులోకి వస్తుంది. మూలంలో కన్ను ఉందికదా అని కన్నునే ఉంచాలనిపిస్తే ‘కంటికి ఊరట’ అన్నా తప్పులేదు. ‘కళ్లు చల్లబడాలని’ అన్నది మాత్రం వద్దు.

పొడుగు చెయ్యి దొంగదా, దాతదా

ఈ ఒక్క మాట దగ్గర తొందరపడితే మనిషి గుణమే తలకిందులవుతుంది. ఈనాటి వాడుక అరబ్బీలో, ముఖ్యంగా ఈజిప్టులో, ఒకడి చెయ్యి పొడుగంటే వాడు కనపడింది కాజేస్తాడని. మనకు ‘చేతివాటం’ సిద్ధంగా ఉంది. ‘వాడికి కాస్త చేతివాటం ఉంది, కొట్లో పెట్టుకోకు.’ బరువు, వ్యంగ్యం, అన్నీ సరితూగుతాయి.

పాత గ్రంథాల్లో పొడుగు చెయ్యి దానగుణం. హదీసుల్లో ప్రసిద్ధమైన ఉదంతం ఒకటుంది. తాను కన్నుమూశాక తనను ముందుగా వచ్చి కలుసుకునేది మీలో చెయ్యి పొడుగైన ఆవిడ అని ప్రవక్త భార్యలతో అన్నారు. వాళ్లు ఎవరి చెయ్యి పొడుగో కొలుచుకునేవారు. ‘సహీహ్ ముస్లిం’ అనే హదీసు సంకలనం ప్రకారం, ఆ మాట జైనబ్ బిన్త్ జహ్ష్ గురించని తర్వాత తెలిసింది. ఆమె తన చేతులతో పనిచేసి, వచ్చింది దానం చేసేది. పొడుగంటే దాతృత్వమని అప్పుడు అర్థమైంది.

దాతకు తెలుగులో అచ్చమైన మాట ఉంది, ‘ఎముక లేని చెయ్యి’. మామూలుగానైతే అదే పెట్టాలి. కానీ ఇక్కడ పెడితే కథే కూలిపోతుంది. ‘మీలో ఎముక లేని చెయ్యి ఎవరిదో వాళ్లు’ అంటే అర్థం మొదటే బయటపడింది, ఇక కొలుచుకోవడం ఎందుకు? విన్నవాళ్లు మాటను మాటగానే తీసుకోవడం మీదే ఆ కథ నిలబడి ఉంది. కాబట్టి ‘పొడుగు చెయ్యి’ అలాగే ఉండాలి. విప్పి చెప్పడం చివర్లో, మూలంలో ఎక్కడ విప్పారో అక్కడే. రెండో ప్రశ్న, బొమ్మతో ముందు ముందు పని ఉందా అన్నది, ఇలాంటి చోట్ల కోసమే.

ఏ పొడుగో తేల్చుకోవడానికి గుర్తులున్నాయి. మాట్లాడేది వాడుక భాషలోనా, గ్రాంథికంలోనా అన్నది మొదటిది. పక్కన డబ్బు మాయమైన ప్రస్తావనో, కొట్లో గుమస్తానో ఉంటే దొంగ. అతిథులు, అనాథలు, కరువు ఉంటే దాత. ఇంకా తేలకపోతే తెలుగులో ‘పెద్ద చెయ్యి’ అంటూ నసగొద్దు. మూలాన్ని ఇంకో పేజీ ముందుకు చదివితే తేలిపోతుంది.

ముక్కు

ముక్కు అరబ్బుకు మర్యాద, మనకు కోపం. గల్ఫ్‌లో ఏదైనా సాయం అడిగితే ముక్కు కొసను వేలితో తాకి ‘అలా ఖష్మీ’ అంటారు, నా ముక్కు మీద అని. సిరియా, లెబనాన్ ఉన్న లెవాంట్ ప్రాంతంలో అదే ‘అలా రాసీ, అలా ఐనీ’, నా తల మీద, నా కంటి మీద. ఉర్దూ ‘సర్ ఆంఖోఁ పర్’ తెలిసినవాళ్లకు ఇది వెంటనే పడుతుంది. తెలుగులో ‘ముక్కు మీద’ అనగానే కోపం వచ్చి కూర్చుంటుంది కాబట్టి ఆ మాటే వద్దు. ‘శిరసావహిస్తాను’ అర్థానికి సరైనదే కానీ కిరాణా కొట్టువాడు అలా మాట్లాడడు. ‘తప్పకుండా అన్నా, నువ్వు అడగడమూ నేను కాదనడమూనా’ అంటే ఆ చనువు వస్తుంది. సినిమాలో నటుడు ముక్కు తాకడం తెర మీద కనపడుతూనే ఉంటుంది. సబ్‌టైటిల్‌లో మళ్లీ ముక్కు రాయనక్కర్లేదు.

‘రగ్మ అన్ఫిహీ’ అనే మాట దగ్గర ఇంకా మెలకువ కావాలి. ముక్కుకు మట్టి అంటించైనా సరే అన్నది దాని వెనకున్న బొమ్మ. మనకు ‘ముక్కు నేలకు రాయడం’ ఉందికదా అని చెయ్యి తిన్నగా అటే పోతుంది. మన మాటకు తప్పు ఒప్పుకుని ప్రాధేయపడటమని అర్థం. అరబ్బీ మాటలో తప్పూ లేదు, క్షమాపణా లేదు. వాడికి ఇష్టం ఉన్నా లేకపోయినా పని జరిగిందని మాత్రమే. సూటిగా ‘వాడికి ఇష్టమున్నా లేకున్నా’ అనడమే మంచిది. ముక్కు ఆకాశంలో పెట్టుకుని తిరిగేవాడి విషయంలో ఏ సందేహమూ లేదు, వాడికి ‘కళ్లు నెత్తికెక్కాయి’.

జంతువులు: గుణం ఒకటే, మోసే ప్రాణి వేరు

జంతువుల దగ్గర పని కొంత తేలిక, ఎందుకంటే చాలాచోట్ల సిద్ధంగా జోడీలున్నాయి. ఈజిప్టులో ‘తల్లి కంటికి కోతి కూడా లేడే’ అంటారు. ‘కాకి పిల్ల కాకికి ముద్దు’ దానికి కవల. పగకు అరబ్బులు ఒంటెను చెప్తారు. ‘అహ్కద్ మిన్ జమల్’, ఒంటెను మించిన పగ, అనేది పాత సామెత. మనకు పగంటే పాముది. మొండితనానికి, తెలివితక్కువతనానికి గాడిద రెండు చోట్లా ఒకటే, మొసలి కన్నీరు ఒకటే, సింహభాగం ఒకటే, ఒక దెబ్బకు రెండు పిట్టలూ ఒకటే. వీటి గురించి ఆలోచిస్తూ కూర్చోనవసరం లేదు.

జోడీ కుదిరినంత మాత్రాన వాడేయొచ్చా అన్నదే ప్రశ్న. ఎడారి కథలో ఒంటెల కాపరి తన ఒంటెను కొట్టాడు, నెలలు గడిచాక ఆ ఒంటె అతన్ని కరిచింది, అప్పుడు తోటివాడు ఆ సామెత అన్నాడనుకోండి. అక్కడ ‘పాము పగ’ పెడితే కథలోకి లేని పాము దూరుతుంది. ‘ఒంటె పగ పడితే మరవదంటారు’ అని రాస్తే చాలు. ‘అంటారు’ అన్న చిన్న మాట అది సామెతేనని పాఠకుడికి చెప్తుంది, కింద వివరణ అక్కర్లేకుండా చేస్తుంది. కైరో ఆఫీసులో ఇద్దరు గుమస్తాల మధ్య గొడవ అయితే ‘వాడిది పాము పగ’ నిక్షేపంగా సరిపోతుంది.

కాకి దగ్గర గట్టి ఇరకాటం ఉంది. పాత అరబ్బీ కవిత్వంలో ‘గురాబ్ అల్ బైన్’, ఎడబాటు కాకి, అరిచిందంటే ప్రియమైనవాళ్లు గుడారాలు ఎత్తేసి వెళ్లిపోతారని. మన పెరట్లో కాకి అరిస్తే చుట్టాలొస్తారు. ఒకే పక్షి, ఒకే అరుపు, ఒకచోట మనుషులు పోతారు, ఇంకోచోట వస్తారు. ‘కాకి అరిచింది’ అని ఊరుకుంటే తెలుగు పాఠకుడు వంటింట్లో ఇంకో గ్లాసు బియ్యం పోయిస్తాడు. ఇక్కడ రెండే దారులు. కవితలో కాకినే ఉంచి దాని పని కూడా దానికే తగిలించాలి, ‘ఎడబాటు తెచ్చే కాకి’ అని. ఈనాటి సంభాషణలో ఎవరినైనా అలా తిడితే, ‘అపశకునపు పక్షి’ అనో ‘గుడ్లగూబ మొహం’ అనో మార్చేయొచ్చు. గుడ్లగూబ రెండు చోట్లా అపశకునమే కాబట్టి అక్కడి వాతావరణమూ చెడదు. ఒకే పుస్తకంలో కోతి సామెతకు బదులు ‘కాకి పిల్ల’ వాడి, ఇంకోచోట ఎడబాటు కాకిని ఉంచితే రెండు కాకులు కొట్టుకుంటాయి. అలాంటి పుస్తకంలో కోతిని కోతిగానే ఉంచడం మేలు.

‘కుక్కలు మొరుగుతుంటాయి, కారవాన్ సాగుతుంది’ అన్నదానికి మన ‘ఏనుగు వెళ్తుంటే కుక్కలు మొరిగినట్టు’ వెంటనే గుర్తొస్తుంది. పత్రికా వ్యాసంలో, రాజకీయ నాయకుడి నోట అయితే ఏనుగే బాగుంటుంది. పాత అరేబియాలో జరిగే కథలో మాత్రం నాకు ఏనుగు నచ్చదు. అరబ్బుల జ్ఞాపకంలో ఏనుగు మక్కా మీదికి దండెత్తి వచ్చిన అబ్రహా సైన్యానిది. ఖురాన్‌లో 105వ సూరా పేరే ఏనుగు. ఆ మనుషుల నోట తమను తాము ఏనుగుతో పోల్చుకోవడం పొసగదు. అక్కడ ‘బిడారు’ అన్న పాత మాట తీసి వాడొచ్చు. ‘కుక్కలు మొరిగినా బిడారు ఆగదు.’ అదే సామెతలా పలుకుతుంది.

పోలిక చూసి తప్పు జోడీ పెట్టే ప్రమాదం గడ్డిపోచ దగ్గర ఉంది. ఒంటె వీపు విరిచిన గడ్డిపోచకు ‘మూలిగే నక్క మీద తాటిపండు’ పెట్టేస్తుంటారు. నక్క అప్పటికే నీరసంగా ఉంది, పడింది పెద్ద కాయ. ఒంటె బలంగా నిలబడే ఉంది, పడింది పోచ. ఓర్పు తెగిందని చెప్పేది ఒకటి, దెబ్బ మీద దెబ్బ పడిందని చెప్పేది ఇంకొకటి. ‘ఆ ఒక్క మాటతో ఓర్పు నశించింది’ అని సూటిగా చెప్పడమే ఇక్కడ సరైనది.

‘లా నాకత లీ ఫీహా వలా జమల్’ అంటే ఇందులో నాకు ఆడ ఒంటె లేదు, మగ ఒంటె లేదు. ఈ గొడవతో నాకు ప్రమేయం లేదని అర్థం. బసూస్ యుద్ధం కథలోంచి వచ్చిన మాటగా చెప్తారు. బసూస్ అనే ఆవిడ దగ్గరున్న ఆడ ఒంటెను కులైబ్ బాణంతో కొట్టాడు, దానికి ప్రతీకారంగా జస్సాస్ కులైబ్‌ను చంపాడు, బక్ర్, తగ్లిబ్ తెగల మధ్య దాదాపు 40 ఏళ్ల పగ రగిలింది. హారిస్ ఇబ్న్ ఉబాద్ ఆ మాట అని పక్కకు తప్పుకున్నాడు. చివరికి తగ్లిబ్ వాళ్లు అతని కొడుకును చంపాక అతనూ యుద్ధంలోకి దిగాల్సి వచ్చింది. ఆ కథ చెప్పేటప్పుడు ఒంటెలుండాలి, గొడవ మొదలైందే ఒంటెతో కదా. వార్తలో ఏదో దేశం ప్రతినిధి ఈ మాట అంటే ‘ఆ గొడవతో మాకు ఏ సంబంధమూ లేదు’ అని రాయాలి. అక్కడ ఒంటెలు పెడితే, అరబ్బు కాబట్టి ఒంటె గురించి మాట్లాడాడని పాఠకుడు అనుకుంటాడు. మాట్లాడినవాడి దృష్టిలో ఒంటె లేనే లేదు.

ఒకే పేరాలో అన్నీ వస్తే

విడివిడిగా ఎంచుకోవడం ఒక ఎత్తు, అన్నీ ఒకేచోట పడినప్పుడు ఎంచుకోవడం ఇంకో ఎత్తు. అమ్మాన్‌లో ఒక పెద్దమనిషి తన బావతో ఫోన్లో అంటున్నాడనుకోండి. మాటకు మాట పెడితే ఇలా ఉంటుంది:

‘అబ్బాయి మన ముఖం తెల్లగా చేశాడు. తల్లి కంటికి కోతి కూడా లేడే, కానీ ఇది తల్లి మాట కాదు, ప్రొఫెసర్లే అన్నారు. వాడి పెదనాన్నకు ఇందులో ఆడ ఒంటె లేదు, మగ ఒంటె లేదు. అయినా ముక్కు ఆకాశంలో పెట్టాడు. నువ్వడిగిన పనా? నా తల మీద, నా కంటి మీద.’

ఐదింటికీ తెలుగు నుడికారమే పెడితే అమ్మాన్ మాయమై, అరుగు మీద కూర్చున్న తెలుగు పెద్దాయన మిగులుతాడు. ఐదింటినీ సూటిగా చెప్పేస్తే ఆ మనిషి గొంతే ఉండదు. కాబట్టి పంచాలి. తెల్లని ముఖం మార్చక తప్పదు, అపార్థం ఖాయం కాబట్టి. కోతి, లేడి వినగానే అర్థమయ్యే బొమ్మ, పైగా ఆ వెంటనే ‘తల్లి మాట కాదు’ అని దాన్నే అందుకుంటున్నాడు. దాన్ని ఉంచుదాం, ఆ ఊరి వాసన దానితో దక్కుతుంది. ఒంటెల జంట ఇక్కడ గొడవ గురించి కాదు, పేరు కొట్టేయడం గురించి. సూటిగా చెప్పేద్దాం. ముక్కుకు నెత్తికెక్కిన కళ్లు. చివరి మాటకు మొదట ‘నెత్తిన పెట్టుకుని చేస్తాను’ అనిపిస్తుంది, కానీ పక్క వాక్యంలోనే ఇంకో నెత్తి ఉంది. వెక్కిరించిన మాటే మర్యాదకూ వాడితే రెండూ పలచబడతాయి.

‘బావా, పిల్లాడు మనల్ని తలెత్తుకునేలా చేశాడు. కోతైనా తల్లి కంటికి లేడిపిల్లే అంటారు గానీ, ఇది వాళ్లమ్మ అన్న మాట కాదు, పాఠాలు చెప్పిన ప్రొఫెసర్లే అన్నారు. ఇందులో వాళ్ల పెదనాన్న చేసింది ఏమీ లేదు. అయినా కళ్లు నెత్తికెక్కించుకుని తిరుగుతున్నాడు. ఇక నువ్వడిగిన పని అంటావా, నీ మాట ఎప్పుడైనా కాదన్నానా?’

ఇదే పేరా నవలలో యాభయ్యో పేజీలో వచ్చి, ఆ పెదనాన్న అరవయ్యో పేజీలో ‘నా ఒంటెలు ఎక్కడున్నాయో చూపిస్తా’ అని ఎదురు తిరిగితే, మూడో వాక్యం మళ్లీ మార్చాలి. ‘ఇందులో వాళ్ల పెదనాన్నకు ఆడ ఒంటె లేదు, మగ ఒంటె లేదు, చేసింది ఏమీ లేదు’ అని. అందుకే పుస్తకం మొత్తం ఒకసారి చదవకుండా మొదటి నుడికారం తేల్చకూడదు.